సరుకు లోడయింది, సొమ్ము రావాలి: వాట్సాప్‌లో డబ్బు అడిగే మెసేజ్ ఎలా రాయాలి?

ద్వారకా తిరుమల చుట్టుపక్కల పామాయిల్ వేసిన రైతుకు డబ్బు అడిగే పని పెద్దగా ఉండదు. గెలలు కాటా వేసిన చీటీ చేతికొస్తుంది, సొమ్ము బ్యాంకు ఖాతాలో పడుతుంది. అదే తోటలో కొబ్బరికాయలు, కోకో గింజలు, నిమ్మకాయలు అమ్మితే పరిస్థితి వేరు. కొనేది ఊళ్లోకి వచ్చిన వ్యాపారి. లెక్క నోటి మాట మీద జరుగుతుంది. సగం బయానా ఇచ్చి, మిగతాది "వారంలో ఫోన్ పే చేస్తానండి" అని లారీ ఎత్తుకుపోతాడు. ఆ వారం తర్వాత రైతు ఫోన్ తీసి "డబ్బులు వేయండి" అని ఒక్క ముక్క పంపుతాడు. వ్యాపారికి ఆ రోజు అలాంటి మెసేజ్‌లు చాలానే వస్తాయి. ఎవరిది, ఏ లోడు, ఎంత అనేది వెతుక్కోవాలి కాబట్టి పక్కన పెట్టేస్తాడు.

చిన్నదైనా లెక్కంతా ఉన్న మెసేజ్ పంపితే వ్యాపారికి వెతుకులాట తప్పుతుంది, మీకు రాతలో ఆధారం మిగులుతుంది. ఆ మెసేజ్‌లో ఏముండాలి, చెల్లింపు లింక్ ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు, సొమ్ము నిజంగా వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి అనేవి ఒక కొబ్బరి లోడు ఉదాహరణతో చూద్దాం.

ముందు లెక్క ఒప్పించుకోండి, తర్వాత డబ్బు అడగండి

చెల్లింపు ఆలస్యమవడానికి ఎక్కువసార్లు కారణం లెక్క మీద తేడా. మీరు 3,200 కాయలు అంటారు, వ్యాపారి 3,050 అంటాడు. వారం తర్వాత ఆ మాట తేల్చడానికి కాయలు మీ దగ్గరా ఉండవు, ఆయన దగ్గరా ఉండవు. కాబట్టి మొదటి మెసేజ్ డబ్బు అడిగేది కాదు, లెక్క చెప్పేది. లోడు కట్టిన రోజే, వీలైతే బండి కదలకముందే పంపాలి.

ఉదాహరణకు ఒక రైతు తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన వ్యాపారికి కొబ్బరికాయలు అమ్మాడనుకుందాం. ధర వెయ్యి కాయలకు రూ.14,000. దింపు కూలి వ్యాపారిదే. లెక్క పెడితే మొత్తం 3,200 కాయలు వచ్చాయి. అందులో 200 చిన్నవి, వాటిని రెండుకి ఒకటిగా లెక్కించడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. అంటే 3,000 మంచి కాయలు, చిన్నవాటికి 100, కలిపి లెక్కకు 3,100. దీనికి రూ.43,400 అవుతుంది. బయానాగా రూ.10,000 ముందే ముట్టింది. ఇక రావాల్సింది రూ.33,400.

ఆ సాయంత్రమే రైతు ఇలా పంపాలి:

> షావుకారు గారూ, నమస్కారమండీ. ఈ రోజు మా తోటలో ఎత్తిన కాయలు 3,200. చిన్నవి 200, రెండుకి ఒకటి. లెక్కకు 3,100. వెయ్యి రూ.14,000. లెక్క నంబరు KB14. సరిగా ఉందేమో చూసి "సరే" అని పెట్టండి.

"సరే" అని వస్తే లెక్క తేలినట్టే. తేడా ఉందంటే ఆ రోజే ఫోన్ చేసి మాట్లాడుకోవచ్చు, లోడు కట్టిన మనుషులు ఇంకా గుర్తుంచుకునే ఉంటారు. సమాధానం రాకపోతే మర్నాడు ఫోన్ చేసి, మాట్లాడింది మళ్లీ మెసేజ్‌లో రెండు ముక్కల్లో పెట్టండి. వాయిస్ మెసేజ్ ఒక్కటే పంపితే చాలదు. నెల తర్వాత అందులో ఎంత చెప్పారో వెతకడం కష్టం.

లెక్క నంబరు ఎందుకు?

పై మెసేజ్‌లో KB14 అని ఉంది. కొబ్బరి పద్దులో అది 14వ లోడు అని అర్థం. ఈ నంబరు మీరే పెట్టుకోవాలి. సంక్లిష్టంగా అక్కర్లేదు. ఒక నోట్‌బుక్ తీసుకుని ప్రతి అమ్మకానికీ వరుస నంబరు వేయండి. కోకోకి వేరే అక్షరాలు, నిమ్మకి వేరే అక్షరాలు పెట్టుకోవచ్చు. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు మాత్రమే వాడి, మధ్యలో గీతలు, చుక్కలు లేకుండా రాస్తే యూపీఐ యాప్‌లలో ఇబ్బంది రాదు.

అదే నంబరు మూడు చోట్ల కనిపించాలి: మీ నోట్‌బుక్‌లో, వాట్సాప్ మెసేజ్‌లో, వ్యాపారి డబ్బు పంపేటప్పుడు రాసే నోట్‌లో. ఒకే వ్యాపారికి నెలలో మూడు లోడులు ఇచ్చి, ఆయన ఒకసారి రూ.20,000, ఒకసారి రూ.15,000 పంపితే ఏది దేనికో తేల్చేది ఈ నంబరే. ఇది లేకపోతే "పాతది తీరింది, ఇది కొత్తదానికి" అని ఆయన, "కాదు, పాతదానికే" అని మీరు మాట్లాడుకోవాల్సి వస్తుంది.

డబ్బు అడిగే మెసేజ్

గడువు రోజున లేదా దానికి ఒక రోజు ముందు పంపే మెసేజ్ ఇలా ఉంటే చాలు:

> షావుకారు గారూ, నమస్కారమండీ.
> లెక్క నంబరు: KB14
> కొబ్బరికాయలు, 12వ తేదీ లోడు, లెక్కకు 3,100
> మొత్తం రూ.43,400
> బయానా ముట్టింది రూ.10,000
> ఇవ్వాల్సింది రూ.33,400
> గడువు: 19వ తేదీ
> యూపీఐ ఐడీ కింద విడిగా పెట్టాను. యాప్‌లో మా అమ్మగారి పేరు కనిపిస్తుంది, ఖాతా ఆవిడదే.
> పంపేటప్పుడు నోట్‌లో KB14 అని రాయండి.

ఇందులో బతిమాలడం లేదు, గద్దించడం లేదు. మొత్తం ఎంత, ముట్టింది ఎంత, మిగిలింది ఎంత అనే మూడు అంకెలూ వరుసగా ఉన్నాయి. మిగిలింది మాత్రమే రాస్తే వ్యాపారి మళ్లీ తన పద్దు తీసి చూసుకోవాలి.

పేరు గురించి రాసిన వాక్యం చిన్నదే అయినా అవసరం. 2025 జూన్ 30 నుంచి యూపీఐ యాప్‌లు డబ్బు పంపే ముందు బ్యాంకు ఖాతాలో ఉన్న అసలు పేరునే చూపించాలని ఎన్‌పీసీఐ నియమం పెట్టింది. మీ ఫోన్‌లో మీరు పెట్టుకున్న ముద్దుపేరు అక్కడ కనిపించదు. ఖాతా అమ్మగారిదో, భార్యదో, తమ్ముడిదో అయితే వ్యాపారికి తెలియని పేరు వస్తుంది. ఇది మోసమేమోనని ఆయన ఆగిపోతాడు. ఆ ఒక్క వాక్యం ఆ అనుమానం తీరుస్తుంది.

యూపీఐ ఐడీని వేరే మెసేజ్‌గా, దాని ముందూ వెనకా ఒక్క అక్షరం కూడా లేకుండా పంపండి. వాట్సాప్‌లో మెసేజ్‌ను నొక్కిపట్టి కాపీ చేస్తే మెసేజ్ మొత్తం కాపీ అవుతుంది. ఐడీ ఒక్కటే ఉంటే దాన్ని నేరుగా యాప్‌లో అతికించుకోవచ్చు. చేత్తో టైపు చేసేటప్పుడు ఒక అక్షరం తప్పుపడి సొమ్ము వేరేవాళ్లకు పోయే ప్రమాదం తగ్గుతుంది.

లింక్ సంగతి

"లింక్ నొక్కితే మొత్తం, పేరు అన్నీ నిండి వస్తాయట కదా" అని చాలామంది అడుగుతారు. అలాంటి లింక్ ఉంది. యూపీఐ లింక్ ఇలా ఉంటుంది:

```
upi://pay?pa=yourname@bank&pn=Your%20Name&am=33400.00&cu=INR&tn=KB14
```

ఇందులో pa అంటే డబ్బు చేరాల్సిన యూపీఐ ఐడీ, pn అంటే పేరు, am అంటే మొత్తం, tn అంటే నోట్. cu=INR అంటే రూపాయలు. పేరులో ఖాళీ ఉంటే ఆ చోట %20 పెట్టాలి.

దీనికి మూడు పరిమితులు ఉన్నాయి. మొదటిది, వాట్సాప్‌లో పంపితే ఇది చాలా ఫోన్లలో నొక్కడానికి వీలు లేకుండా మామూలు రాతలాగే కనిపిస్తుంది. వాట్సాప్ సాధారణంగా https తో మొదలయ్యే వాటినే లింక్‌గా గుర్తిస్తుంది. రెండోది, నొక్కడానికి వీలైనా, మామూలు వ్యక్తి ఖాతాకు ఇలా వచ్చిన చెల్లింపును కొన్ని యాప్‌లు, బ్యాంకులు భద్రత కారణంగా ఆపేస్తాయి. మూడోది, వ్యాపారి భయం. వాట్సాప్‌లో వచ్చిన లింక్ నొక్కి, ఫైలు దించుకుని ఖాతా ఖాళీ చేసుకున్నవాళ్ల సంగతులు అందరూ వింటూనే ఉన్నారు. చిన్నగా కుదించిన తెలియని లింక్ పంపితే అసలైనదైనా చాలామంది నొక్కరు.

అందుకే మొత్తాన్ని బట్టి దారి ఎంచుకోవడం మంచిది.

రూ.2,000 లోపు చిన్న మొత్తాలకు క్యూఆర్ బొమ్మ పంపొచ్చు. వాట్సాప్‌లో వచ్చిన బొమ్మను గ్యాలరీ నుంచి తెరిచి చెల్లిస్తే చాలా యాప్‌లు రూ.2,000 మించి పంపనివ్వవు. రూ.33,400కు క్యూఆర్ బొమ్మ పంపి "ఎందుకు వేయలేదు" అని అడిగితే ఆయన తప్పు కాదు, యాప్ ఒప్పుకోలేదు. వ్యాపారి ఎదురుగా ఉండి మీ ఫోన్ తెర మీదున్న క్యూఆర్‌ను తన ఫోన్‌తో స్కాన్ చేస్తే అది గ్యాలరీ బొమ్మ కాదు కాబట్టి ఈ అడ్డంకి ఉండదు.

రూ.2,000 దాటి రూ.1,00,000 వరకు యూపీఐ ఐడీ కానీ, యూపీఐకి కలిపిన ఫోన్ నంబరు కానీ పంపండి. వ్యక్తుల మధ్య యూపీఐకి సాధారణ పరిమితి రూ.1,00,000. కొన్ని బ్యాంకులు ఇంకా తక్కువ పెడతాయి.

రూ.1,00,000 దాటితే, ముఖ్యంగా కొల్లేరు పక్క చేపల చెరువుల సొమ్ములాంటి వాటికి, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్, ఖాతాదారు పేరు పంపి నెఫ్ట్ లేదా ఆర్‌టీజీఎస్ చేయమనండి. ఆర్‌టీజీఎస్ రూ.2,00,000 నుంచి మొదలవుతుంది. రెండూ ఇప్పుడు సెలవు రోజుల్లోనూ, రాత్రుళ్లూ పనిచేస్తాయి. ఈ మూడు వివరాలు చాలు. ఏటీఎం కార్డు నంబరు, ఆధార్ కార్డు ఫొటో డబ్బు తీసుకోవడానికి ఎవరికీ అక్కర్లేదు.

రైతు ఉత్పత్తిదారుల సంఘం పేరుతో అమ్ముతుంటే, లేదా మొక్కల నర్సరీలా రోజూ వేర్వేరు మనుషులకు అమ్ముతుంటే, పేమెంట్ గేట్‌వే సంస్థలో వ్యాపార ఖాతా తెరవొచ్చు. వాళ్లు ఇచ్చే https లింక్ వాట్సాప్‌లో నొక్కడానికి వస్తుంది. మొత్తం, లెక్క నంబరు అందులో నిండి ఉంటాయి, కట్టగానే రసీదు వస్తుంది. అయితే దానికి పాన్, బ్యాంకు వివరాల పరిశీలన ఉంటుంది, గేట్‌వే రుసుము ఉండొచ్చు. ఏడాదికి పది లోడులు అమ్మే రైతుకు అది అనవసరం.

ఒక పాత పద్ధతి ఇప్పుడు లేదని గుర్తుంచుకోండి. యూపీఐ యాప్‌లోనే అవతలి వ్యక్తికి "ఇంత పంపండి" అని రిక్వెస్ట్ పెట్టే సౌకర్యం ఉండేది. దాన్ని వాడుకుని మోసాలు జరగడంతో వ్యక్తుల మధ్య ఆ రిక్వెస్ట్‌లను ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేసింది. మామూలు ఖాతా ఉన్న రైతుకు ఇప్పుడు మెసేజ్ రాసి, యూపీఐ ఐడీ పెట్టడమే దారి.

కొంత పంపి కొంత ఆపితే

మన ఉదాహరణలో 19వ తేదీన వ్యాపారి రూ.20,000 మాత్రమే పంపాడనుకుందాం. ఊరుకుంటే మిగతాది మరుగున పడుతుంది. కొత్త మెసేజ్ విడిగా మొదలుపెట్టొద్దు. మీరు ముందు పంపిన మెసేజ్‌నే పట్టుకుని, దానికి రిప్లైగా ఇలా పెట్టండి:

> KB14 కింద రూ.20,000 ఈ రోజు ముట్టిందండీ. ఇంకా రావాల్సింది రూ.13,400. ఎప్పుడు వేస్తారో తేదీ చెప్పండి.

ముట్టినదాన్ని ఒప్పుకోవడం వల్ల వ్యాపారికి నమ్మకం కలుగుతుంది. తేదీ అడగడం వల్ల ఆయన చేత ఒక మాట రాయించినట్టవుతుంది. "25న వేస్తాను" అని ఆయన రాస్తే, బాకీ ఉందని రాతలో ఒప్పుకున్నట్టే. పాత మెసేజ్‌కు రిప్లైగా పెట్టడం వల్ల మొదటి లెక్క, బయానా, మిగిలింది అన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి. మొత్తం తీరాక "KB14 పూర్తిగా ముట్టింది, బాకీ లేదు" అని ఒక మెసేజ్ పెట్టండి. అది ఆయనకు రసీదు.

మెసేజ్‌లో అంకె తప్పు పడితే పంపిన 15 నిమిషాల లోపు వాట్సాప్ దిద్దుకోనిస్తుంది. అయినా డబ్బు అంకె దిద్దకండి. "పై మెసేజ్‌లో రూ.34,400 తప్పు, రూ.33,400 సరైనది" అని కింద కొత్తగా రాయండి. దిద్దిన అంకె మీద అవతలివాళ్లకు అనుమానం వస్తుంది.

ఊరి గ్రూపులో, రైతుల గ్రూపులో వ్యాపారి పేరు పెట్టి బాకీ అడగొద్దు. పదిమందిలో పరువు పోయిందనుకుంటే ఆయన ఇవ్వడానికి ఇంకా మొండికేస్తాడు. మెసేజ్ ఆయన నంబరుకే పోవాలి.

సొమ్ము వచ్చిందని ఎలా తెలుసుకోవాలి?

వ్యాపారి పంపిన స్క్రీన్‌షాట్ చూసి ముట్టిందని రాసుకోవద్దు. అలాంటి బొమ్మలు తయారు చేయడం తేలిక. ఫోన్‌కు వచ్చిన ఎస్ఎంఎస్ కూడా ఒక్కోసారి బ్యాంకుది కాకపోవచ్చు. మీ యూపీఐ యాప్‌లోనో, బ్యాంకు యాప్‌లోనో ఖాతా నిల్వ తెరిచి చూడండి. ఖాతా ఇంట్లో వేరేవాళ్లదైతే వాళ్ల ఫోన్‌లో చూసిన తర్వాతే ముట్టిందని మెసేజ్ పెట్టండి.

"నా ఖాతాలో కోత పడింది, మీకు రాలేదా?" అని వ్యాపారి అంటే యూటీఆర్ నంబరు అడగండి. ప్రతి యూపీఐ చెల్లింపుకూ 12 అంకెల నంబరు ఉంటుంది. ఆయన యాప్‌లో ఆ చెల్లింపు తెరిస్తే కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని బ్యాంకులో అడగొచ్చు. వ్యక్తుల మధ్య యూపీఐలో సొమ్ము కోతపడి అవతలి ఖాతాకు చేరకపోతే, మర్నాటిలోగా పంపినవారికి తిరిగి జమ కావాలని 2019 సెప్టెంబర్‌లో రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. ఆలస్యమైతే రోజుకు రూ.100 చొప్పున ఆయనకు బ్యాంకు పరిహారం ఇవ్వాలి. అంటే రెండు రోజులు దాటాక కూడా "మధ్యలో ఇరుక్కుంది" అనే మాట నిలవదు. ఆయన ఖాతాకు తిరిగి వచ్చిందేమో చూసుకోమని మర్యాదగా చెప్పి, మళ్లీ పంపమనొచ్చు.

నోట్‌బుక్‌లో లెక్క నంబరు పక్కన తేదీ, మొత్తం, యూటీఆర్ చివరి నాలుగు అంకెలు రాసుకుంటే తర్వాత బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసుకోవడం తేలిక.

ఎదురు మెసేజ్ వస్తే జాగ్రత్త

మీరు మెసేజ్ పంపాక అవతలి నుంచి "ఈ క్యూఆర్ స్కాన్ చేయండి, మీ డబ్బు పడుతుంది" అనో, "ఈ యాప్ దించుకుంటే వెంటనే జమవుతుంది" అనో వస్తే ఆగండి. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ అడుగుతోందంటే మీ ఖాతా నుంచి పోబోతోందని అర్థం. సరుకు తెలిసినాయనే కొన్నా, ఆయన ఫోన్ వేరేవాళ్ల చేతిలో పడి ఉండొచ్చు. ఒకసారి ఫోన్ చేసి గొంతు వినండి.

పొరపాటున సొమ్ము పోతే ఆ గంటలోనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. cybercrime.gov.in లోనూ ఫిర్యాదు పెట్టొచ్చు. ఎంత త్వరగా చెబితే, సొమ్ము ఇంకో ఖాతాకు దాటిపోకుండా ఆపడానికి అంత అవకాశం.

మెసేజ్‌లు చెరపొద్దు

వాట్సాప్‌లో మెసేజ్‌లు కొన్ని రోజుల తర్వాత వాటంతట అవే మాయమయ్యే సెట్టింగ్ ఉంది. మీ వ్యాపారి చాట్‌లో అది ఆన్‌లో ఉంటే మీ లెక్కలు కూడా పోతాయి. చాట్ పైన ఉన్న పేరు నొక్కి చూసి, ఆన్‌లో ఉంటే ఆపండి. ఫోన్ మార్చే ముందు చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కు పంపుకోండి.

అమ్మిన సరుకు డబ్బు కోసం కోర్టుకు వెళ్లాల్సి వస్తే, గడువు వేరేగా ఒప్పుకోని చోట సరుకు ఇచ్చిన రోజు నుంచి సాధారణంగా మూడేళ్లలోపు దావా వేయాలి. అంత దూరం ఎవరూ వెళ్లాలనుకోరు. పెద్దమనుషుల దగ్గర కూర్చున్నా సరే, 12వ తేదీన వచ్చిన "సరే", 19న ముట్టిన రూ.20,000, "25న వేస్తాను" అన్న మాట ఒకే వరుసలో చూపిస్తే వాదన అక్కడే తేలుతుంది.

ఈసారి దింపు పెట్టుకునే ముందే నోట్‌బుక్‌లో మొదటి నంబరు వేసి, యూపీఐ ఐడీని మీ ఫోన్‌లో విడిగా రాసిపెట్టుకోండి. ఇంట్లోవాళ్ల ఫోన్ నుంచి దానికి ఒక రూపాయి పంపించి చూడండి. ఏ పేరు కనిపిస్తోందో, సొమ్ము ఏ ఖాతాలో పడుతోందో లారీ రాకముందే తెలిసిపోతుంది.